మ్యాక్‌డీ లాగ్: క్రాస్ కాకముందే ఊపు ఎక్కడ తగ్గింది?

ఈ వారం చార్ట్ పక్కన పెట్టి, ధర ఊపుని చూపించే మ్యాక్‌డీని గూగుల్ షీట్‌లో ఒక్కో గడి నింపుకుంటూ కట్టాను. మ్యాక్‌డీ, సిగ్నల్ లైన్లు క్రాస్ కాకముందే హిస్టోగ్రామ్ ఎందుకు చిన్నదవుతుందో అంకెల్లో చూడాలనిపించింది.

ఈఎమ్‌ఏ అంటే కొత్త ధరలకి ఎక్కువ బరువిచ్చే సగటు. 12 రోజుల ఈఎమ్‌ఏలోంచి 26 రోజుల ఈఎమ్‌ఏ తీసేస్తే మ్యాక్‌డీ. దానికి మళ్ళీ 9 రోజుల ఈఎమ్‌ఏ కడితే సిగ్నల్ లైన్. ఈ రెండింటి తేడానే హిస్టోగ్రామ్. జెరాల్డ్ అపెల్ తయారుచేసిన మ్యాక్‌డీకి, 1986లో థామస్ ఆస్ప్రే దీన్ని చేర్చాడు. నా షీట్‌లో C మ్యాక్‌డీ, D సిగ్నల్, E హిస్టోగ్రామ్:

```
D3: =D2+0.2*(C3-D2)
E3: =C3-D3
```

9 రోజుల ఈఎమ్‌ఏకి 2/(9+1), అంటే 0.2 వస్తుంది. ఈ ఫార్ములాల్ని కాస్త అటూ ఇటూ మార్చి రాస్తే అసలు సంగతి బయటపడింది: హిస్టోగ్రామ్ పెరగాలంటే, ఈరోజు మ్యాక్‌డీ పెరుగుదల నిన్నటి హిస్టోగ్రామ్‌లో నాలుగో వంతు కంటే ఎక్కువ ఉండాలి. అంత లేకపోతే, మ్యాక్‌డీ పైకే వెళ్తున్నా బార్ పొట్టిదవుతుంది.

పరీక్షకి నేనే కొన్ని అంకెలు వేశాను. మ్యాక్‌డీ 20, సిగ్నల్ 10, హిస్టోగ్రామ్ 10 అనుకుందాం. మర్నాడు మ్యాక్‌డీ 22 అయింది. 2 పెరిగింది కానీ కావాల్సింది 2.5 కన్నా ఎక్కువ. అందుకే హిస్టోగ్రామ్ 9.6కి దిగింది. ఆ తర్వాత మ్యాక్‌డీని వరసగా 23, 23.5, 23.5, 23, 22, 21, 19.5 అని వేస్తే హిస్టోగ్రామ్ 8.48, 7.18, 5.75, 4.20, 2.56, 1.25, చివరికి -0.20. అంటే క్రాస్ ఎనిమిదో రోజున పడింది, మ్యాక్‌డీ శిఖరం మూడో రోజునే వచ్చింది, హిస్టోగ్రామ్ మాత్రం మొదటి రోజునే తగ్గడం మొదలుపెట్టింది. ఇంత ముందుగా చెప్పే గుణమే నాకు దీనిలో బాగా నచ్చింది. ట్రేడింగ్‌వ్యూలో సున్నా పైన ముదురు ఆకుపచ్చ బార్ లేతగా మారేది కూడా ఇలాంటి రోజునే.

అయితే బార్ తగ్గింది కదా అని ధర పడిపోతుందనుకోకూడదు. ధర రోజుకి సరిగ్గా ఒక రూపాయి చొప్పున చాలాకాలం పెరిగేలా ఇంకో షీట్ వేశాను. మ్యాక్‌డీ 7 దగ్గర ఆగిపోయింది, సిగ్నల్ కూడా వచ్చి అక్కడే కలిసింది, హిస్టోగ్రామ్ సున్నాకి చేరింది. ధర మాత్రం ఎక్కడా తగ్గలేదు! హిస్టోగ్రామ్ కొలిచేది పరుగును కాదు, పరుగు వేగం ఎంత పెరుగుతోందన్నదాన్ని.

అందుకే బార్లు వరసగా తగ్గుతుంటే నేను అమ్మేయను. కొత్తగా కొనడం ఆపి, స్టాప్‌లాస్‌ని ఈమధ్య కనిష్ఠ ధర కిందికి జరుపుతాను. అదీ మార్కెట్ ముగిశాకే, ఎందుకంటే సెషన్ నడుస్తుండగా ఆనాటి బార్ ధరతో పాటు మారుతూనే ఉంటుంది. పక్కకి నడిచే మార్కెట్‌లో బార్లు తగ్గి మళ్ళీ పెరగడం మామూలే కాబట్టి, అక్కడ ఈ సూచనకి నేను పెద్దగా విలువివ్వను.

తర్వాతి పని: షీట్‌లో F కాలమ్ పెట్టి, రేపు హిస్టోగ్రామ్ తగ్గకుండా ఉండాలంటే మ్యాక్‌డీ కనీసం ఎంత పెరగాలో ముందే రాసుకోవడం. ఫార్ములా =E3/4, అంతే.