మరచెంబు: ముందు, తరువాత

నెల్లూరు నుంచి అమ్మమ్మ ఇత్తడి సామాను మైలాపూర్‌లోని మా ఇంటికి చేరినప్పటి నుంచి ఒక్కొక్కటే తోముతూ, జతగా ఫొటోలు తీస్తున్నాను. ఈ వారం మరచెంబు వంతు.

జత ఫొటోల్లో కష్టమంతా మొదటిదానిదే. తోమాక దాన్ని మళ్లీ తీయలేం. అందుకే చెంబు నల్లగా ఉన్నప్పుడే, అది మెరిసిన రోజున ఏం కావాలో ఆలోచించి అన్నీ అమర్చాలి. తోమిన ఇత్తడి అద్దంతో సమానం: నేను, ఫోను, కిటికీ ఊచలు అన్నీ దాని పొట్ట మీద కనిపిస్తాయి. అందుకని కిటికీకి తెల్ల పంచె అడ్డం కట్టాను. నల్లటి చెంబుకు ఆ అవసరం లేదు, అయినా మొదటి ఫొటోకే కట్టాను. లేకపోతే ఏ మార్పు చింతపండుదో, ఏది పంచెదో తేలదు.

స్టూలు మీద బూడిదరంగు అట్ట పరిచి, చెంబు అడుగు చుట్టూ పెన్సిలుతో గీత గీశాను. చెక్కించిన పేరులోని మొదటి అక్షరం అట్ట మీది చుక్కకు ఎదురుగా ఉండాలి. ట్రైపాడ్ కాళ్ల కింద నేలకు టేపు అతికించాను. ఫోను రెండు రెట్ల జూమ్‌లో, రెండు సెకన్ల టైమరుతో, ఉదయం ఒకే వేళకు.

ఇక వెలుగు సంగతి. ఫోనును దాని ఇష్టానికి వదిలేస్తే నల్లటి వస్తువును చూసి ఫొటోను తెల్లబరుస్తుంది, మెరిసేదాన్ని చూసి ముదురు చేస్తుంది. మాన్యువల్ పద్ధతిలో ఐఎస్ఓ, షట్టర్, వైట్ బ్యాలెన్స్ అంకెలు నోటుపుస్తకంలో రాసుకుని రెండోసారి అవే పెట్టాను. సరిపోయిందో లేదో తెలియాలంటే చెంబును చూడకూడదు, అట్టను చూడాలి. రెండు ఫొటోల్లోనూ దాని రంగు ఒకటే అయితే చాలు.

తోమడం మామూలే: చింతపండు గుజ్జు, ఉప్పు, కొద్ది నిమిషాలు, కడిగి వెంటనే పొడి గుడ్డతో తుడవడం. పులుపును ఎక్కువసేపు ఉంచితే ఇత్తడిలోని జింకు కరిగి, రాగి బయటపడి గులాబీ మచ్చలు వస్తాయి. మెడ దగ్గర అలాంటి మచ్చ ఒకటి పాతదే ఉంది, ఇంతకాలం మకిలి కింద దాగింది. పసుపుపచ్చ బల్బు కింద తీస్తే అది కనిపించదు. చాలామంది ఇత్తడి ఫొటోలు అంత బంగారంలా ఉండటానికి కారణం ఆ బల్బేనని నా అనుమానం.

నిలువు వస్తువు కాబట్టి పక్కపక్కనే పెట్టాను. రెండింటినీ ఒకే కొలతకు కత్తిరించాను, రంగులు దిద్దలేదు. కింద రాసింది ఇంతే:

ముందు.
తరువాత: చింతపండు, ఉప్పు. సొట్ట తీయించలేదు. మెడ మీది మచ్చ పాతది.

"ఎంత మెరిసిందో చూడండి" లాంటివి అక్కర్లేదు, చూసేవాళ్లకు కళ్లున్నాయి. ఫొటో చెప్పలేనిదే రాయాలి.

తరువాత గంగాళం. అది స్టూలు మీద నిలవదు. నేల మీదే గీత గీయాలి, పంచెకు బదులు దుప్పటి కట్టాలి.