హాస్టల్ కెమెరాల చట్టం మీద మూట్ కోర్టులో నా వాదన

మూట్ కోర్టు అంటే న్యాయ విద్యార్థులు వాదించే నమూనా కోర్టు. అక్కడ మాకిచ్చింది ఊహాజనిత సమస్య. ఒక రాష్ట్రం చట్టం చేసింది: ప్రైవేటు విద్యార్థి హాస్టళ్లన్నీ కారిడార్లలో కెమెరాలు పెట్టాలి, ఆ దృశ్యాలు అప్పటికప్పుడు పోలీస్ స్టేషన్‌కు చేరాలి, రికార్డింగు ఏడాది పాటు ఉంచాలి. కారణం, మాదకద్రవ్యాల అమ్మకం. నాది పిటిషనర్ల పక్షం. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు గుర్తించిన గోప్యత హక్కే మా ఆధారం.

హక్కు మీద ప్రభుత్వం పెట్టిన పరిమితి లక్ష్యానికి తగినంతే ఉందా అని మెట్టు మెట్టుగా చూసేది ప్రపోర్షనాలిటీ పరీక్ష. అందులో మొదటి మెట్ల దగ్గర నేను ఎక్కువసేపు ఆగలేదు. చట్టం ఉంది, లక్ష్యం సరైనదే, కారిడార్ కెమెరా ఆ లక్ష్యానికి ఎంతో కొంత పనికొస్తుంది. లక్ష్యమే బూటకమందామని మా జట్టులో ఒకరు పట్టుబట్టారు. సమస్యలో దానికి ఒక్క ఆధారమూ లేదు. లేనిది వాదిస్తే ఉన్న వాదన కూడా పలచనవుతుంది.

అసలు పోరు ‘అవసరమా?’ అన్న మెట్టు మీదే, అంటే హక్కుకు ఇంతకంటే తక్కువ భంగంతో ఆ లక్ష్యం నెరవేరదా అన్న ప్రశ్న మీదే. హక్కుకు భంగం కలిగిందని మేం చూపాక, దాన్ని సమర్థించుకోవాల్సిన భారం ప్రభుత్వానిది. అయినా ప్రత్యామ్నాయం మేమే చూపడం మేలనిపించింది. చట్టాన్ని ముక్కలు చేశాను: కెమెరా, నేరుగా ప్రసారం, ఏడాది నిల్వ, అన్ని హాస్టళ్లకూ వర్తింపు. రికార్డింగు హాస్టల్ దగ్గరే 30 రోజులు ఉంచి, కేసు నమోదయ్యాక రాతపూర్వకంగా అడిగితే ఇస్తే చాలదా అన్నాను.

“నేరుగా చూస్తే పోలీసులు వెంటనే రాగలరు కదా?” అన్నారు బెంచ్‌లో ఒకరు. గట్టి ప్రశ్నే. ప్రత్యామ్నాయం లక్ష్యాన్ని నిజంగా, గణనీయంగా నెరవేర్చాలి గానీ చట్టానికి అచ్చు నకలు కానక్కర్లేదన్నాను. పైగా అమ్మేవాణ్ని పట్టుకుని శిక్షింపజేయడానికి సాక్ష్యం కావాలి, అది రికార్డింగులో ఉంటుంది. 2018 ఆధార్ తీర్పునూ ఉదహరించాను. బ్యాంకు ఖాతాలకు ఆధార్ తప్పనిసరి చేసిన నిబంధనను మెజారిటీ కొట్టేసింది, ఖాతాదారులందరినీ అనుమానితులుగా చూడటం తగదంటూ. ఇక్కడా ఏ ఫిర్యాదూ లేని హాస్టల్ కూడా అదే లెక్కలోకి వస్తోంది.

ఎదుటి పక్షం తెలివిగానే వచ్చింది: కారిడార్ పడకగది కాదు, అక్కడ గోప్యత తక్కువ. బయటి ఆఫీసు కారిడారైతే ఒప్పుకునేవాణ్నే. హాస్టల్లో స్నానం చేసి తువ్వాలుతో గదికి నడిచేది ఆ కారిడార్లోనే. చివరి మెట్టు, అంటే లాభనష్టాల తూకంలో, ఇది బాగా పనికొచ్చింది. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎవరితో వచ్చారు అన్నది ఏడాది పాటు పోలీసుల చేతిలో ఉంటుంది. దాన్ని ఎవరు చూడొచ్చో, ఎప్పుడు చెరిపేయాలో చట్టంలో ఒక్క వాక్యం లేదు.

“ప్రసారం తీసేస్తే మిగతా చట్టం మీకు సమ్మతమేనా?” అని బెంచ్ అడిగింది. ప్రసారం, ఏడాది నిల్వ రెండూ పోతే కెమెరాల మీద మాకు అభ్యంతరం లేదన్నాను. రాజ్యాంగం 13వ అధికరణం ప్రకారం చట్టం చెల్లనిది హక్కును ఉల్లంఘించిన మేరకే. మొత్తం కొట్టేయమని అడిగితే, కెమెరా వేరు ప్రసారం వేరు అని అప్పటిదాకా నేను చెప్పిందే నాకు అడ్డొచ్చేది.