గిన్నె పక్కన తెల్ల ప్లేటు

ఆదివారం, రాత్రి పది దాటింది. చేతికి ఇంకా మాడిన చక్కెర వాసన వస్తూనే ఉంది.

పోయిన వారం చేసిన క్యారమెల్ కస్టర్డ్ ఎందుకు చప్పగా అనిపించిందో ఇవాళ తేల్చుకోవాలని పొద్దున్నే అనుకున్నాను. చప్పగా అంటే తీపి లేక కాదు, తీపి తప్ప ఇంకేం లేక. కింద క్యారమెల్ లేత బంగారు రంగులో ఉండగానే భయపడి స్టవ్ కట్టేశాను, అదే తప్పని ఇవాళ రుచి చూశాకే అర్థమైంది.

మొదట నల్లటి నాన్‌స్టిక్ పెనంలో పెట్టాను. నలుపు మీద రంగు ఏం కనబడుతుంది! ఇంకా లేతగానే ఉందనుకుంటూ చూస్తుండగానే పొగ లేచింది. అదంతా పారబోసి, అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె తీశాను. 100 గ్రాముల చక్కెర, మూడు చెంచాల నీళ్లు, నాలుగు చుక్కల నిమ్మరసం. నిమ్మరసం పడితే చక్కెర మళ్లీ పలుకు కట్టడం తగ్గుతుంది.

అత్తయ్య పక్కనే నిలబడి గరిటె తీసుకున్నారు. "తీగ పాకం వచ్చిందేమో చూడమ్మాయ్" అన్నారు. అరిసెలకీ కాజాలకీ పాకం పట్టడంలో ఆవిడ చెయ్యి తిరిగినావిడ, వేళ్ల మధ్య సాగదీసి చెప్పేస్తారు. కానీ తీగ పాకం, ఉండ పాకం అన్నీ నీళ్లు ఎంత మిగిలాయో చెప్పే గుర్తులు. ఇక్కడ ఆ నీళ్లన్నీ ఎగిరిపోయాకే అసలు పని మొదలవుతుంది, అప్పుడు వేలు పెట్టే ప్రసక్తే లేదు, అది దాదాపు 160 డిగ్రీల వేడి, పైగా చర్మానికి అతుక్కుంటుంది. "గరిటె వద్దత్తయ్యా, కలిపితే అంచున అంటిన పలుకులు లోపల పడి మొత్తం గడ్డ కట్టేస్తుంది" అన్నాను. గిన్నెను చేత్తో తిప్పుతూ ఉంటే చాలు.

ఈసారి గిన్నె పక్కన తెల్ల పింగాణీ ప్లేటు పెట్టుకున్నాను. రంగు మారినప్పుడల్లా చెంచా కొసతో ఒక చుక్క దాని మీద వేశాను. గిన్నెలో లోతు వల్ల రంగు ఎప్పుడూ ఉన్నదానికంటే ముదురుగా కనిపిస్తుంది, తెల్ల ప్లేటు మీద పల్చటి చుక్క మాత్రం నిజం చెబుతుంది.

మొదటి చుక్క ఎండుగడ్డి రంగు. చల్లారాక నాలుక మీద పెట్టుకుంటే ఉత్త పటికబెల్లం, వాసన కూడా పెద్దగా లేదు. చక్కెరను సన్నటి దారాల్లా తీసి అలంకరించాలంటే ఈ రంగు బాగుంటుంది, రుచి కోసం అయితే పనికిరాదు. రెండోది తేనె రంగు. ఇక్కడ వెన్న లాంటి సువాసన మొదలైంది, తీపి ఇంకా ముందే ఉంది. జీడిపప్పు వేసి పలకలా పోసుకోవాలంటే నేను ఇక్కడే ఆపేస్తాను, ఎందుకంటే పప్పు కూడా ఆ వేడికి ఇంకాస్త వేగుతుంది.

మూడో చుక్క కొత్త రాగి చెంబు రంగు. తీపి తగ్గి, నాలుక చివర్లో సన్నటి చేదు తగిలింది, అది కాఫీకి ఉండే చేదు లాంటిది. వేడికి చక్కెర విడిపోయి వేరే పదార్థాలుగా మారుతూ ఉంటుంది కాబట్టి, రంగు ఎంత ముదిరితే తీపి అంత పోతుంది. నాలుగోది పాలు పోయని టీ డికాషన్ రంగు, అప్పుడే సన్నటి పొగ మొదలైంది. కస్టర్డ్‌లో పాలు, గుడ్లు, చక్కెర ఎలాగూ మెత్తగా తియ్యగా ఉంటాయి, దానికి ఎదురు నిలవాలంటే మూడుకీ నాలుగుకీ మధ్య రంగు కావాలి. నాలుగు దాటితే మాత్రం చేదు ఒక్కటే మిగులుతుంది, పాలు పోసినా పోదు.

తేనె రంగు నుంచి రాగి రంగు రావడానికి నిమిషం కూడా పట్టలేదు. స్టవ్ ఆపినా మందపాటి అడుగులో వేడి ఉంటుంది, అది లోపల చక్కెరను ఇంకా ఉడికిస్తూనే ఉంటుంది. అందుకే నాలుగు చుక్కలూ చూసుకున్నాక మళ్లీ కొత్తగా చక్కెర పెట్టి, కావలసిన రంగుకి ఒక అడుగు ముందే దించేసి, గిన్నె అడుగును చన్నీళ్ల పళ్లెంలో రెండు క్షణాలు ఆనించాను, సుయ్ అంది. వెంటనే స్టీలు డబ్బాలోకి పోసి అటూ ఇటూ వంచితే అడుగంతా పరుచుకుని గాజులా బిగుసుకుంది.

అర లీటరు పాలు, నాలుగు గుడ్లు, 75 గ్రాముల చక్కెర కలిపి వడగట్టి దాని మీద పోసి, మూత పెట్టి, కుక్కర్‌లో వెయిట్ లేకుండా సన్నమంట మీద అరగంట. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టాను. ఆ గాజు పలక రాత్రంతా కస్టర్డ్ తేమ పీల్చి కరిగి రసమవుతుంది.

అత్తయ్య ప్లేటు మీది నాలుగు చుక్కల్నీ వరసగా నాకి చూశారు. మూడోదాని దగ్గర ఆగి, "ఇది బాగుంది, దీన్నే ఉంచు" అన్నారు. రేపు పొద్దున డబ్బా బోర్లించేది ఆవిడేనట.