సంకుచిత ద్రవ్యం, విశాల ద్రవ్యం: ఏ ఆస్తి ఎందులో చేరుతుందో నేను తేల్చుకున్న తీరు

గ్రూప్-2 పరీక్ష కోసం భారత ఆర్థిక వ్యవస్థ చదువుతున్న రోజుల్లో ద్రవ్య సప్లై అధ్యాయం దగ్గర నేను చాలాకాలం ఆగిపోయాను. ఎం1, ఎం2, ఎం3, ఎం4 అనే నాలుగు కొలమానాల నిర్వచనాలు నాలుగు వాక్యాల్లో అయిపోతాయి, వాటిని కంఠస్థం చేయడం కష్టమేమీ కాదు. అయితే పాత ప్రశ్నపత్రాలు ముందు పెట్టుకుని కూర్చుంటే ప్రశ్న నిర్వచనాన్ని నేరుగా అడగడం అరుదని తెలిసింది. ఒక ఆస్తి పేరు చెప్పి అది ఎక్కడ చేరుతుందని అడుగుతారు, లేదా డబ్బు ఒక చోటి నుంచి మరో చోటికి మారితే ఏ కొలమానం పెరుగుతుందని అడుగుతారు. అందువల్ల ప్రతి అంశాన్నీ ఎందుకు కలిపారు, ఎందుకు వదిలేశారు అన్న కారణంతో సహా చదవాలని నిర్ణయించుకున్నాను.

మన పరీక్షల్లో అడిగే ఈ నాలుగు కొలమానాలను రిజర్వు బ్యాంకు 1977 నుంచి వాడుతోంది. ప్రజల వద్ద ఉన్న కరెన్సీ, బ్యాంకుల్లో అడిగిన వెంటనే తీసుకోగల డిమాండ్ డిపాజిట్లు, రిజర్వు బ్యాంకు వద్ద ఉన్న ఇతర డిపాజిట్లు కలిస్తే ఎం1 అవుతుంది. దానికి తపాలా కార్యాలయ పొదుపు ఖాతాల డిపాజిట్లు కలిపితే ఎం2 వస్తుంది. ఎం3 కోసం మళ్లీ ఎం1 నుంచే మొదలుపెట్టి, బ్యాంకుల్లోని కాలపరిమితి డిపాజిట్లను కలపాలి. ఎం2 మీద ఎం3ను కట్టరు అన్న ఈ ఒక్క సంగతి మీదే ఎన్నో ప్రశ్నలు నడుస్తాయి. జాతీయ పొదుపు పత్రాలను మినహాయించి, తపాలా పొదుపు సంస్థల మొత్తం డిపాజిట్లను ఎం3కి కలిపితే ఎం4. మొదటి రెండూ సంకుచిత ద్రవ్యం, తర్వాతి రెండూ విశాల ద్రవ్యం. ఆస్తిని వెంటనే ఖర్చుకు వాడుకోగల సౌలభ్యం, అంటే ద్రవ్యత్వం, ఎం1లో అత్యధికంగా ఉండి, ఎం4కు వచ్చేసరికి అత్యల్పమవుతుంది.

నాకు దారి చూపిన మొదటి ప్రశ్న, ‘ప్రజలు’ అంటే ఎవరు అన్నది. ద్రవ్యాన్ని సృష్టించే ప్రభుత్వం, రిజర్వు బ్యాంకు, వాణిజ్య బ్యాంకులు ఒకవైపు ఉంటాయి. దాన్ని చేతిలో ఉంచుకుని వాడుకునే వ్యక్తులు, వ్యాపార సంస్థలు మరోవైపు ఉంటాయి. ద్రవ్య సప్లై అంటే ఈ రెండో వైపు చేతిలో ఉన్నది మాత్రమే. ఈ గీత గీసుకున్నాక మూడు నాలుగు మినహాయింపులు ఒకే కారణం కిందికి వచ్చాయి. బ్యాంకు ఖజానాలో ఉన్న నోట్లు ప్రజల చేతిలో లేవు కనుక, చలామణీలో ఉన్న కరెన్సీ నుంచి వాటిని తీసివేస్తేనే ప్రజల వద్ద ఉన్న కరెన్సీ వస్తుంది. ఒక బ్యాంకు మరో బ్యాంకులో ఉంచిన డిపాజిట్ కూడా సృష్టికర్తల మధ్య లెక్కే కాబట్టి ఏ కొలమానంలోనూ చేరదు. రిజర్వు బ్యాంకు వద్ద ప్రభుత్వానికి ఉన్న నిల్వ ‘ఇతర డిపాజిట్లు’ అన్న పద్దులోకి రాదు, బ్యాంకులు అక్కడ ఉంచే నిల్వలూ రావు. ఆ పద్దులో ఉండేవి విదేశీ కేంద్ర బ్యాంకుల వంటి కొద్ది సంస్థల డిపాజిట్లు. మొత్తంలో వాటి వాటా చాలా చిన్నదైనా, ఎం1 నిర్వచనం నుంచి దాన్ని తీసేసి ఒక ఐచ్ఛికాన్ని తయారుచేయడం ప్రశ్నకర్తలకు అలవాటు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకున్నది బ్యాంకు పొదుపు ఖాతా. కొన్ని పుస్తకాలు దాన్ని ఎం1లో చూపుతాయి, మరికొన్ని ఎం3లో చూపుతాయి. మా అధ్యయన బృందంలో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో పనిచేసే అక్క ఉండేది. ‘‘రెండు పుస్తకాలూ సగం సగం చెబుతున్నాయి తమ్ముడూ, మేము ఆ ఖాతాను రెండు ముక్కలు చేసి రిజర్వు బ్యాంకుకు లెక్క పంపుతాం’’ అని చెప్పి, ఆ పద్ధతిని కాగితం మీద వేసి చూపించింది. ఆరు నెలల కాలంలో ప్రతి నెలా ఖాతాల్లో ఉన్న కనీస నిల్వల సగటు తీస్తారు, దాన్ని కాలపరిమితి బాధ్యతగా భావిస్తారు. అదే కాలంలో వాస్తవంగా ఉన్న నిల్వల సగటులో మిగిలిన భాగం డిమాండ్ బాధ్యత అవుతుంది. మార్చి 31, సెప్టెంబరు 30 నాటి స్థితిని బట్టి వచ్చిన ఈ నిష్పత్తినే తర్వాతి అర్ధ సంవత్సరానికి వాడతారు.

ఆమె ఇచ్చిన ఉదాహరణ ఇలా ఉంది. ఒక ఉద్యోగి ఖాతాలోకి నెల మొదట జీతం వస్తుంది, నెలాఖరుకు అది రూ. 8,000కు పడిపోతుంది, సగటున రూ. 20,000 ఉంటుంది అనుకుందాం. ఆ రూ. 8,000ను ఆయన ఏ నెలలోనూ ముట్టుకోలేదు, కాబట్టి పేరుకు పొదుపు ఖాతాలో ఉన్నా అది ఫిక్స్‌డ్ డిపాజిట్ లాగానే నిలిచి ఉంది. మిగతా రూ. 12,000 ఖర్చుల కోసం తిరుగుతూ ఉంది. మొదటి భాగం ఎం3లో మాత్రమే చేరుతుంది. రెండో భాగం ఎం1లో చేరి, దాని ద్వారా ఎం3లోనూ ఉంటుంది. ఈ విభజన ఎటు జరిగినా ఎం3 మొత్తం మారదని గమనించినప్పుడు, ఈ అధ్యాయం మొత్తంలో నాకు అత్యంత ఉపయోగపడిన విషయం దొరికిందని అనిపించింది. ప్రశ్న ఎం3 గురించైతే పొదుపు ఖాతా విభజన పట్టించుకోనక్కరలేదు, ఎం1 గురించైతే దాని డిమాండ్ భాగం ఎంతో చూడక తప్పదు.

తర్వాత ఒక లెక్కను నేనే తయారుచేసుకుని సాధించాను. అంకెలన్నీ కల్పితమే, రూ. కోట్లలో ఉన్నాయి. చలామణీలో ఉన్న కరెన్సీ 1,000, బ్యాంకుల చేతిలో నగదు 50, కరెంట్ ఖాతాలు 350, పొదుపు ఖాతాల్లో డిమాండ్ భాగం 250, కాలపరిమితి భాగం 900, ఫిక్స్‌డ్ డిపాజిట్లు 2,000, రిజర్వు బ్యాంకు వద్ద ఇతర డిపాజిట్లు 10. తపాలా పొదుపు ఖాతాలు 150, వాటితో కలిపి తపాలా డిపాజిట్లన్నీ 500. వీటికి తోడు, దారి తప్పించడానికి జాతీయ పొదుపు పత్రాలు 80, బ్యాంకుల మధ్య డిపాజిట్లు 120 అని రాసుకున్నాను. ముందుగా ప్రజల వద్ద కరెన్సీ 950 అని తేలుతుంది. డిమాండ్ డిపాజిట్లు 600, ఇతర డిపాజిట్లు 10 కలిపితే ఎం1 విలువ 1,560. తపాలా పొదుపు ఖాతాల 150 కలిపితే ఎం2 విలువ 1,710. ఎం3 కోసం 1,560కి తిరిగి వెళ్లి 900, 2,000 కలిపితే 4,460 వస్తుంది. దానికి 500 కలిపితే ఎం4 విలువ 4,960. చివరి రెండు పద్దులూ ఎక్కడా వాడలేదు. ఎం4 దగ్గర 150ని, 500ని రెండింటినీ కలిపితే పొదుపు ఖాతాలు రెండుసార్లు లెక్కకు వస్తాయి. జవాబు 5,110 అని ఒక ఐచ్ఛికం కనిపిస్తే ఈ కారణంగానే దాన్ని పెట్టారని వెంటనే గుర్తించవచ్చు.

కదలికల ప్రశ్నలకు సివిల్స్ ప్రాథమిక పరీక్షలో 2020లో వచ్చిన ప్రశ్నను నమూనాగా పెట్టుకున్నాను. డిమాండ్ డిపాజిట్ ఖాతా నుంచి లక్ష రూపాయలు నగదుగా తీసుకుంటే మొత్తం ద్రవ్య సప్లై మీద తక్షణ ప్రభావం ఏమిటని అందులో అడిగారు. డిపాజిట్ లక్ష తగ్గింది, ప్రజల వద్ద కరెన్సీ లక్ష పెరిగింది, రెండూ ఎం1 లోపలి పద్దులే కనుక ద్రవ్య సప్లై మారదు. ఈ ప్రశ్నను కొద్దిగా మార్చి చూడటం నాకు ఎంతో మేలు చేసింది. అదే లక్ష ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను రద్దు చేసుకుని తీసుకున్నదైతే, ఎం1 లక్ష పెరుగుతుంది, ఎం3 మాత్రం కదలదు. కరెంట్ ఖాతా నుంచి యూపీఐ ద్వారా దుకాణదారుడి కరెంట్ ఖాతాకు పంపితే యజమాని మారాడు తప్ప ఎం1లో ఏ మార్పూ లేదు. క్రెడిట్ కార్డు పరిమితి అసలు ఎక్కడా చేరదు, ఎందుకంటే అది బ్యాంకు ఇస్తానన్న అప్పే గాని కార్డుదారుడి చేతిలో ఉన్న ఆస్తి కాదు.

పుస్తకం ఏ దేశానిదో, ఏ సంవత్సరానిదో చూసుకోవడం కూడా నేను తప్పనిసరి చేసుకున్నాను. అమెరికా కేంద్ర బ్యాంకు 2020 మే నుంచి పొదుపు డిపాజిట్లను పూర్తిగా తన ఎం1లో చేర్చింది, అంతకుముందు అవి అక్కడి ఎం2లో మాత్రమే ఉండేవి. ఆ నిర్వచనాన్ని మన ప్రశ్నకు వాడితే జవాబు తప్పుతుంది. మన దగ్గర కూడా 1998లో, అప్పటి డిప్యూటీ గవర్నరు వై.వి.రెడ్డి అధ్యక్షతన ఏర్పడిన కార్యాచరణ బృందం కొత్త వరుసను సూచించింది. ఎన్‌ఎం1 దాదాపు పాత ఎం1 లాంటిదే. ఏడాది వరకు గడువున్న కాలపరిమితి డిపాజిట్లు కలిస్తే ఎన్‌ఎం2, అంతకు మించిన గడువున్నవి, బ్యాంకులు ఇతర ఆర్థిక సంస్థల నుంచి తీసుకున్న అప్పులు కలిస్తే ఎన్‌ఎం3. ప్రవాసులు విదేశీ కరెన్సీలోనే ఉంచి, తిరిగి తీసుకెళ్లగలిగే డిపాజిట్లను ఇందులో మినహాయించారు. కాబట్టి అమెరికాలో పనిచేసే మన తెలుగువారు ఇక్కడి బ్యాంకులో డాలర్లలో వేసుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్ ఎన్‌ఎం3లోకి రాదు.

ఈ కొత్త వరుసలో తపాలా డిపాజిట్లకు ద్రవ్య కొలమానాల్లో చోటు లేదు. ఎన్‌ఎం3కి వాటిని కలిపి, పొదుపు పత్రాలను వదిలి, ఎల్1 అనే ద్రవ్యత్వ కొలమానంగా వేరుగా చూపారు. దీని వెనుక ఉన్న తర్కం పాత వరుసలోని ఒక కదలికను పరిశీలిస్తే తెలుస్తుంది. ఒకరు కరెంట్ ఖాతా నుంచి రూ. 10,000 తీసి తపాలా పొదుపు ఖాతాలో వేశారనుకుందాం. తపాలా శాఖ ప్రభుత్వానిది, ఆ సొమ్ము రిజర్వు బ్యాంకులోని ప్రభుత్వ ఖాతాకు చేరుతుంది, ప్రభుత్వ నిల్వ ద్రవ్య సప్లైలో లెక్కకు రాదు. కనుక ఎం1, ఎం3 రెండూ రూ. 10,000 తగ్గుతాయి, ఎం2, ఎం4 రెండూ యథాతథంగా ఉంటాయి. ప్రభుత్వం ఆ సొమ్మును జీతాలకో బిల్లులకో చెల్లించిన రోజున అది మళ్లీ ఎవరో ఒకరి బ్యాంకు ఖాతాలోకి వస్తుంది, అప్పుడు ఎం1, ఎం3 పూర్వస్థితికి చేరతాయి, ఎం2, ఎం4 మాత్రం మొదటికన్నా రూ. 10,000 ఎక్కువగా నిలుస్తాయి.