వేలిముద్రకి ముందు

నిన్న ఉద్దానంలో మా ఊరికి కిడ్నీ రీసెర్చ్ వాళ్లు రక్తం తీసుకోవడానికి వచ్చారు. పక్కింటి మామ్మకి చదవడం రాదు, అందుకని నన్ను సాక్షిగా కూర్చోమన్నారు. ఒప్పుకోలు కాగితం చదవకుండానే ఇంకుప్యాడ్ తెరిచి పెట్టేసరికి నాకు బాధేసింది. "ముందు మొత్తం చదివి వినిపించండి" అన్నాను. నా సంతకానికి అర్థమే అది: ఆవిడకి అర్థమయ్యేలా చెప్పారని, తనంతట తానే ఒప్పుకుందని.

"నేను కాదంటే ఆసుపత్రిలో మందులు ఆపేస్తారేటి?" అని అడిగింది మామ్మ. ఆపరు, మధ్యలో మానేసినా ఆపరు అని ఆ కాగితంలోనే రాసి ఉంది.

పేరు సంగతి కూడా అడిగాను. రక్తం సీసా మీద పేరుండదు, ఒక నంబరుంటుంది. ఆ నంబరు ఎవరిదో చెప్పే జాబితా వేరేగా తాళం వేసి ఉంచుతారట. అంటే పేరు దాచారే గానీ చెరిపేయలేదు. అందుకే, మానేస్తే మిగిలిన రక్తం పారేయమని అడగొచ్చు. అప్పటికే లెక్కల్లో కలిసిపోయిన ఫలితాన్ని మాత్రం వెనక్కి తీయలేరు.

ఇదంతా విన్నాక మామ్మ కాసేపు ఆలోచించి వేలిముద్ర వేసింది. తన కాపీ అడిగి తీసుకుని, మడతపెట్టి రేషన్ కార్డుతో పాటు దాచుకుంది.