హాల్ ఎమ్‌సీబీ దించినా టెస్టర్ వెలిగింది

మలక్‌పేటలో మా ఇంటి హాల్లో ఫ్యాన్ రెగ్యులేటర్ కాలిపోయింది. పాలిటెక్నిక్ చదివే మనవరాలు తనే మారుస్తానంది. కరెంటు లేదని నాకు చూపించినాకే వైరు ముట్టాలన్నాను. రెగ్యులేటర్ మార్చడం ఎంతసేపు! నిన్న పొద్దంతా తిన్నది ఆ చూపించడమే.

మెయిన్ మొత్తం దించొద్దని మొదటే చెప్పాను. హాల్ ఎమ్‌సీబీ ఒక్కటే దించి, వంటింటి ప్లగ్గులో కరెంటు ఉంచుకోవాలి. టెస్టర్ పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి కరెంటు ఉన్న పాయింటు ఒకటి కావాలి కదా. తను ముందు వంటింటి ప్లగ్గులో పెట్టి చూసింది, వెలిగింది. తర్వాత హాల్ బోర్డు సాకెట్‌లో పెట్టింది, వెలగలేదు.

"అయిపోయింది తాతా, కరెంటు లేదు."

"సాకెట్‌ల లేదు. రెగ్యులేటర్ వైరు సాకెట్ వైరేనా బిడ్డా?"

ప్లేటు ఊడదీయించాను. లోపల ఏ వైరునూ వేలితో జరపకుండా, బయటికి కనిపించే ప్రతి స్క్రూ మీదా టెస్టర్ పెట్టమన్నాను. ఎర్ర వైరు, పచ్చ వైరు రెండూ చల్లగా ఉన్నాయి. రెగ్యులేటర్‌కు పోయే నల్ల వైరు దగ్గర మాత్రం టెస్టర్ భగ్గుమంది. నలుపంటే న్యూట్రల్ అని చదువుకున్న పిల్ల నా మొహం చూసింది.

అది ఇన్వర్టర్ పెట్టినాయన చేసిన ఘనకార్యం. ఫ్యాను, ట్యూబ్‌లైటు ఇన్వర్టర్ మీదికి మార్చేటప్పుడు చేతికందిన నల్ల వైరును ఫేజుకు, అంటే కరెంటు తెచ్చే వైరుగా వాడాడు. బోర్డు మీద ఒక్క గుర్తూ పెట్టలేదు. అంటే ఒకే బోర్డులోకి రెండు దారుల్లో కరెంటు వస్తోంది. సాకెట్‌కు హాల్ ఎమ్‌సీబీ నుంచి, ఫ్యానుకు బెడ్‌రూములో ఉన్న ఇన్వర్టర్ నుంచి. రెగ్యులేటర్ కాలి ఫ్యాను ఎలాగూ తిరగదు, లైటు స్విచ్చు ఆఫ్‌లో ఉంది. బోర్డు చూస్తే చచ్చినట్టే ఉంటుంది.

తను పరుగెత్తి ఇన్వర్టర్ ముందున్న స్విచ్చు ఆఫ్ చేసి వచ్చింది. మళ్లీ టెస్టర్ పెడితే, మళ్లీ వెలిగింది! ఇక్కడే చాలామంది అనుభవజ్ఞులు కూడా బోల్తా పడతారు. ఇళ్లలో వాడే ఇన్వర్టర్లు చాలావాటిలో ఆ స్విచ్చు బ్యాటరీ సప్లైని మాత్రమే ఆపుతుంది. గోడలో నుంచి వచ్చే కరెంటు లోపలి నుంచి నేరుగా ఫ్యానుకు పోతూనే ఉంటుంది.

"అయితే ప్లగ్గు పీకేస్తా."

"స్విచ్చు ఆన్‌ల ఉంచి పీకితే?"

కొంచెం ఆలోచించింది. కరెంటు పోయిందనుకుని ఇన్వర్టర్ బ్యాటరీ మీద నడుస్తుందని తనే చెప్పింది. అదీ సంగతి. స్విచ్చు ఆఫ్ కావాలి, గోడ ప్లగ్గూ పీకాలి. రెండూ చేశాక నల్ల వైరు దగ్గర టెస్టర్ ఆరిపోయింది.

అంతటితో వదల్లేదు. ఆ టెస్టర్‌నే మళ్లీ వంటింటికి పంపాను. అక్కడ వెలిగితేనే ఇక్కడ వెలగకపోవడానికి విలువ. నడుమన బల్బు పోయినా, వెనక లోహపు మూతకు వేలు సరిగా తగలకపోయినా, ప్లాస్టిక్ స్టూలు మీద నిలబడినా వెలుగు రాకపోవచ్చు, లేదా కిటికీ ఎండలో కనబడకపోవచ్చు. టెస్టర్‌లో బల్బు వెలిగేది మన ఒంటి గుండా నేలకు పోయే కొద్దిపాటి కరెంటుతోనే. లోపలున్న పెద్ద రెసిస్టెన్సు దాన్ని మిల్లీఆంప్‌లో చిన్న భాగానికి తగ్గిస్తుంది కాబట్టి షాకు కొట్టదు. ఆ దారి సరిగా లేకపోతే 230 వోల్టులున్నా టెస్టర్ మౌనంగానే ఉంటుంది.

అందుకే రెండో సాక్షిగా టెస్ట్ ల్యాంపు, అంటే హోల్డరుకు రెండు వైర్లు కట్టిన బల్బు. దాన్నీ వంటింట్లో వెలిగించి చూశాక, ఒక వైరు బోర్డు న్యూట్రల్‌కు, ఇంకోటి ఆ నల్ల వైరుకు ఆనించాం. న్యూట్రల్ ఎక్కడైనా తెగి ఉంటే ఫేజు ఉన్నా బల్బు వెలగదు, కాబట్టి ఎర్తుకూ ఆనించి చూడాలి. ఎర్తుకు ఆనించినప్పుడు, కరెంటు ఎర్తులోకి కారితే దానంతటదే పడిపోయే స్విచ్చు ఆర్‌సీసీబీ పడిపోతే కంగారు పడొద్దు, ఆ వైరులో కరెంటు ఉందని అర్థం. మాకు బల్బూ వెలగలేదు, ఏదీ పడిపోలేదు.

ఇంతలో మా కోడలు ఏసీ రావడం లేదని ఎమ్‌సీబీల పెట్టె వైపు నడిచింది. దించిన ఎమ్‌సీబీ మీదా, పీకిన ఇన్వర్టర్ ప్లగ్గు మీదా టేపు అంటించాను కాబట్టి సరిపోయింది. పాత కిట్‌క్యాట్ ఫ్యూజుల కాలంలో ఆ ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకునేవాణ్ణి. నా జేబులో నుంచి ఎవడూ తీయలేకపోయాడు.

రెగ్యులేటర్ మార్చేసింది. నల్ల వైరు రెండు చివర్లా ఎర్ర టేపు చుట్టించి, ప్లేటు లోపలి వైపు మార్కర్‌తో 'ఇన్వర్టర్ ఫేజు' అని రాయించాను.