ఉరుక్‌లో చెత్త కింద దొరికిన లెక్కలు

దక్షిణ ఇరాక్‌లోని సమావా నుంచి తూర్పుకి 30 కిలోమీటర్లు వెళ్తే వర్కా వస్తుంది. పాత పేరు ఉరుక్. ఒకప్పుడు యూఫ్రటీస్ ఈ ఊరి పక్క నుంచే పారేది. తర్వాత నది దూరంగా జరిగిపోయింది, ఊరు ఎడారిలో మిగిలింది. ఇప్పుడు కనిపించేది మట్టిదిబ్బలు, మధ్యలో వానలకు కరిగిపోయిన జిగురత్ అనే మెట్ల దేవాలయ గోపురం, పైన మాడ్చే ఎండ. పెద్ద కట్టడాలు చూద్దామని వెళ్లేవాళ్లకు నిరాశ తప్పదు. నేను మాత్రం వెళ్లింది లెక్కల కోసం. రాత ఎక్కడ మొదలైందని అడిగితే పండితులు ముందుగా చూపించేది ఈ దిబ్బలనే.

కాపలాదారు కొంతసేపు మాతో నడిచాడు. కిందకి చూస్తూ నడవమన్నాడు. ఎందుకో వెంటనే అర్థమైంది. నేలంతా కుండపెంకులే. వాటిలో ఒక రకం పదే పదే కాలికి తగులుతోంది. మందంగా, గరుకుగా ఉండి, అంచు ఏటవాలుగా కోసినట్టున్న గిన్నెల ముక్కలు. చక్రం మీద చేసినవి కావు, అచ్చులో మట్టి నొక్కి చేసినవి. అందం గురించి ఎవరూ ఆలోచించినట్టు లేదు. పనివాళ్లకు ధాన్యం కొలిచి ఇవ్వడానికి వాడారని చాలామంది అంటారు, రొట్టెలు కాల్చే అచ్చులని కొందరు అంటారు. వాదన ఎలా తేలినా, ఈ గిన్నె బొమ్మ తొలి రాతలోకి ఎక్కింది. గిన్నె ఒక్కటే గీస్తే తిండి. మనిషి తల పక్కన గిన్నె గీస్తే తిండి పంపిణీ. అంటే నా చెప్పుల కింద నలుగుతున్నది ఒక అక్షరానికి మూలమైన వస్తువు!

అక్కడి నుంచి ఎయన్నా అనే దేవాలయ ప్రాంతానికి వెళ్లాం. 1928లో తిరిగి మొదలైన జర్మన్ తవ్వకాల్లో తొలి మట్టిపలకలు ఇక్కడే బయటపడ్డాయి. ఆ తర్వాత దొరికినవన్నీ కలిపితే పలకలు, ముక్కలు దాదాపు 5000. అవేమీ గదిలో వరసగా పేర్చి దొరకలేదు. లెక్క ముగిశాక పలకతో పని లేదు కాబట్టి బయట పారేశారు. తర్వాత కొత్త కట్టడాలకు నేల చదును చేసేటప్పుడు ఆ చెత్తనే గుంటల్లో నింపారు. అందుకే ఏ పలక ఏ గదిలో రాశారో, సరిగ్గా ఏ ఏడాదిదో చెప్పడం కష్టం. పైన కట్టిన కట్టడం కంటే పాతదని మాత్రం చెప్పొచ్చు. అలా లెక్కేస్తే అతి పాతవి సుమారు క్రీ.పూ. 3300 నాటివి. వాటిలో పదింట ఎనిమిదికి పైగా ఖాతాలే. మిగిలినవి రాయసగాళ్లు నేర్చుకోవడానికి రాసుకున్న మాటల జాబితాలు. కథ, ప్రార్థన, రాజుగారి గొప్ప ఒక్కటీ లేదు.

పలకలు చూడాలంటే మళ్లీ బాగ్దాద్ రావాలి. ఇరాక్ మ్యూజియంలో జనమంతా వర్కాలో దొరికిన చెక్కడాల రాతికలశం ముందు గుమిగూడుతుంటే నేను చిన్న పలకల దగ్గర నిలబడిపోయాను. అరచేతిలో పట్టేంత మట్టిముద్ద. ముందువైపు గీతలతో గళ్లు, ఒక్కో గడిలో కొన్ని గుంటలు, పక్కన ఒకటో రెండో బొమ్మలు. ఇలాంటి పలకల్లో ఆ గళ్లన్నీ కూడితే వచ్చే మొత్తాన్ని వెనకవైపు వేసి ఉంటుంది. ఈ మొత్తమే పండితులకు తాళంచెవి అయింది.

గుంటలకు కావలసిన పనిముట్టు గుండ్రటి రెల్లుపుల్ల. పుల్లను ఏటవాలుగా నొక్కితే గోటితో నొక్కినట్టు పొడుగాటి గుంట పడుతుంది, అది ఒకటి. నిలువుగా నొక్కితే చిన్న గుండ్రం పడుతుంది, అది పది. లావుపాటి పుల్లను ఏటవాలుగా నొక్కితే అరవై, నిలువుగా నొక్కితే 3600. గొర్రెలకూ మనుషులకూ ఇదే లెక్క.

బార్లీ దగ్గరికి వచ్చేసరికి ఇది చెల్లదు. పలకలు దొరికిన కొత్తలో బార్లీకి కూడా గుండ్రం అంటే పదే అనుకున్నారు. ముందువైపు గళ్లన్నీ కూడితే వెనకవైపు మొత్తంతో సరిపోయేది కాదు. రాసినవాడు తప్పు చేశాడనుకోవాలా? 1970ల చివర్లో యోరాన్ ఫ్రైబర్గ్ అనే స్వీడన్ గణితవేత్త గుండ్రాన్ని ఆరుగా తీసుకుని కూడి చూశాడు. మొత్తాలు సరిపోయాయి. ధాన్యం కొలతల్లో చిన్న గుంటలు ఆరు చేరితే ఒక గుండ్రం. ఏడు గొర్రెలైతే ఏడు గుంటలు, ఏడు కొలతల బార్లీ అయితే ఒక గుండ్రం, ఒక గుంట. పలక చూసి పోల్చుకునే ఉపాయం కూడా ఇందులోనే ఉంది. గుండ్రం పక్కన చిన్న గుంటలు ఆరు నుంచి తొమ్మిది దాకా ఉంటే అది బార్లీ కాదు. ఇంకా తమాషా ఏమిటంటే, గొర్రెల లెక్కలో పెద్ద గుండ్రం పెద్ద గుంట కంటే ఎక్కువ, బార్లీలో తక్కువ. మనకిది వింతగా తోస్తుంది గానీ, 20 తూములు ఒక పుట్టి, 16 అణాలు ఒక రూపాయి అని ఏకకాలంలో లెక్కపెట్టిన మన తాతలకు తోచకపోవచ్చు. అంకె ఒంటరిగా లేదు, సరుకుతో అతుక్కుని ఉంది.

ఈ గుంటలకు ముందు మట్టి గోళీలు, శంకువులు, బిళ్లలు ఉండేవి. సరుకు లెక్కకు వాటిని బోలు మట్టి ఉండలో పెట్టి మూసి, పైన ముద్ర వేసేవారు. లోపల ఎన్ని ఉన్నాయో తెలియాలంటే ఉండ పగలగొట్టాలి. అందుకే కొన్నిటి మీద మూసేముందు బిళ్లల ఆనవాళ్లు పైన నొక్కారు. పైన గుర్తులుంటే లోపలి బిళ్లలతో పనేముంది? బోలు ఉండ చదునై పలక అయిందని పురావస్తు పరిశోధకురాలు డెనీస్ ష్మాంట్-బెస్సెరా వాదించింది. అంకెల వరకూ నాకూ ఇది నమ్మదగ్గదే అనిపిస్తుంది. బొమ్మలు కూడా బిళ్లల నుంచే వచ్చాయన్న మాట మాత్రం మింగుడుపడదు. వృత్తంలో శిలువ గీస్తే గొర్రె. పలకల్లో ఆ గుర్తు లెక్కలేనన్నిసార్లు వస్తుంది. శిలువ ఉన్న బిళ్లలు మాత్రం తవ్వకాల్లో చాలా అరుదు. అన్ని గొర్రెలను లెక్కపెట్టినవాళ్ల దగ్గర గొర్రె బిళ్లలు ఎందుకు అంత తక్కువ?

బొమ్మలు గీసింది మొనదేలిన పుల్లతో. తడిమట్టిలో వంపు గీత గీస్తే అంచున మట్టి లేచి పక్క గీతను పాడు చేస్తుంది. నొక్కితే ఆ గొడవ లేదు. కొంతకాలానికే గీతలు పొట్టిగా, నిటారుగా మారడం మొదలై, చివరికి తల లావుగా తోక సన్నగా మేకుల్లా తయారయ్యాయి. గొర్రె గుర్తులో వృత్తం పోయి చదరపు గడి వచ్చింది.

పక్క అరలో అంతకంటే కొన్ని వందల ఏళ్ల తర్వాతి పలక ఒకటి ఉంది. రాతంతా మేకులే. అంకెలు మాత్రం ఇంకా గుండ్రటి పుల్లతో నొక్కిన పాత గుంటలు. అంటే ఆ రాయసగాడు ఒక్క పలక కోసం రెండు పుల్లలు దగ్గర పెట్టుకునేవాడు. అంకెలకు కూడా మేకుల రూపం పూర్తిగా స్థిరపడేసరికి మరికొన్ని వందల ఏళ్లు పట్టింది.